225 దగ్గర గీత విరిగింది: కరెంటు బిల్లులో వాలు మారే చోటును కనిపెట్టడం ఎలా

వేసవి మొదలైతే విజయవాడలో, గుంటూరులో ఏ అపార్ట్‌మెంట్‌లో విన్నా ఒక మాట వినబడుతుంది: "మీటరు 225 దాటనివ్వకండి, దాటితే బిల్లు మొత్తం పై రేటులో పడుతుంది." ఈ మాటను నమ్మి నెలాఖరులో నాలుగు రోజులు ఏసీ ఆపేసి ఉక్కపోతలో పడుకునేవాళ్లు ఉన్నారు. ఇందులో ఎంత నిజముందో చూడటానికి బిల్లును ఒక గీతగా గీస్తే చాలు. ఆ గీత ఒక చోట విరుగుతుంది. అలాంటి గీతల్ని అర్థం చేసుకోవడానికి, విరిగే చోటు తెలియనప్పుడు దాన్ని లెక్కగట్టడానికి గణాంక శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని పీస్‌వైజ్ లీనియర్ రిగ్రెషన్ అంటారు. అంటే ముక్కలుగా అతికిన సరళరేఖల్ని డేటాకు అమర్చడం. రెండు ముక్కలు కలిసే చోటును బ్రేక్‌పాయింట్ అంటారు.

స్లాబు మారితే ఏది మారుతుంది

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో గృహ వినియోగదారులకు ఇచ్చిన రేట్లు ఇవి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ. 1.90. 31 నుంచి 75 వరకు రూ. 3.00. 76 నుంచి 125 వరకు రూ. 4.50. 126 నుంచి 225 వరకు రూ. 6.00. 226 నుంచి 400 వరకు రూ. 8.75. ఆపైన రూ. 9.75. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం. ప్రస్తుతానికి వాటిని పక్కనపెట్టి ఎనర్జీ ఛార్జీ ఒక్కటే చూద్దాం.

ఇది టెలిస్కోపిక్ పద్ధతి. అంటే ఒక్కో యూనిట్‌కు అది పడిన స్లాబు రేటే వేస్తారు. సరిగ్గా 225 యూనిట్లు కాల్చిన ఇంటికి ఎంతవుతుందో కూడదాం: 57 + 135 + 225 + 600 = రూ. 1017. అదే ఇల్లు 226 కాలిస్తే రూ. 1025.75. పెరిగింది ఎనిమిది రూపాయల ముప్పావలా మాత్రమే. "మొత్తం పై రేటులో పడటం" నిజమైతే 226 యూనిట్లకు రూ. 1977.50 కావాలి. అలా జరగదు.

మరి ఆ భయం ఊరికే పుట్టిందా? కాదు. 2022-23 ఉత్తర్వుకు ముందు వినియోగదారుల్ని వాడకాన్ని బట్టి గ్రూపులుగా విడదీసేవారు. 75, 225 యూనిట్లు ఆ గ్రూపుల హద్దులు. హద్దు దాటి పై గ్రూపులో పడితే కింది యూనిట్ల రేటు కూడా మారేది. అప్పుడు బిల్లు నిజంగానే ఒక్కసారిగా ఎగిరేది. పద్ధతి మారింది, మాట మాత్రం జనం నోట మిగిలింది.

ఈ రెండు పద్ధతులకు ఉన్న తేడాయే ఈ విషయానికంతటికీ పునాది. అడ్డంగా యూనిట్లు, నిలువుగా రూపాయలు పెట్టి గీస్తే, టెలిస్కోపిక్ బిల్లు ఎక్కడా తెగని గీతగా వస్తుంది. 225 దగ్గర దాని ఎత్తు మారదు, వాలు మారుతుంది. యూనిట్‌కు 6 రూపాయల చొప్పున పైకి పోతున్న గీత అక్కడి నుంచి 8.75 చొప్పున పోతుంది. పాత గ్రూపు పద్ధతిలో గీత హద్దు దగ్గర తెగి, కొంత పైనుంచి మళ్లీ మొదలయ్యేది. మొదటిది వాలు మార్పు, రెండోది ఎగురుడు. డేటా చేతికి రాగానే ముందు తేల్చుకోవాల్సింది ఇది వీటిలో ఏదన్నదే.

రెండు వాలుల్ని ఒకే సూత్రంలో పెట్టడం

125 నుంచి 400 యూనిట్ల మధ్య కాల్చే ఇళ్లను మాత్రమే తీసుకుందాం. ఆ పరిధిలో ఒకే ఒక్క విరుపు ఉంటుంది, 225 దగ్గర. బిల్లును ఇలా రాయవచ్చు:

```
y = a + b·x + c·max(0, x − k)
```

ఇక్కడ x యూనిట్లు, y రూపాయలు, k విరిగే చోటు. max(0, x − k) అంటే k దాటనంత వరకు సున్నా, దాటాక ఎంత దాటితే అంత. మన టారిఫ్‌కు ఇది y = −333 + 6x + 2.75·max(0, x − 225) అవుతుంది. 300 యూనిట్లు పెట్టి చూడండి: −333 + 1800 + 206.25 = 1673.25. స్లాబుల వారీగా కూడినా అంతే వస్తుంది: 1017 + 75 × 8.75.

c అన్న సంఖ్య దగ్గర చాలామంది తడబడతారు. కంప్యూటర్ 6 అనీ 2.75 అనీ రెండు సంఖ్యలిస్తే, "225 తర్వాత రేటు 2.75" అని చదివేస్తారు. c కొత్త వాలు కాదు, వాలులో వచ్చిన మార్పు. కొత్త వాలు కావాలంటే b, c రెండూ కలపాలి: 8.75. అలాగే −333 అన్నది ఎవరి బిల్లూ కాదు. 126-225 స్లాబు గీతను వెనక్కి సున్నా యూనిట్ల దాకా పొడిగిస్తే తగిలే చోటది. ఆ పరిధి బయట దానికి అర్థం లేదు.

ఇలా రాయడంలో ఇంకో సుఖం ఉంది. ప్రతి యూనిట్‌కూ సమానంగా పడే సుంకం b ని పెంచుతుంది కానీ c ని, k ని కదపదు. అందరికీ ఒకే మొత్తంగా పడే ఛార్జీ a ని పెంచుతుంది, అంతే. కాబట్టి బిల్లు చివరి మొత్తమే తెలిసినా విరుపు చోటు చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

టారిఫ్ కార్డు చూడకుండా 225ను పట్టుకోవచ్చా

ఇప్పుడు లెక్కను తిరగేద్దాం. స్లాబుల పట్టిక మన దగ్గర లేదనుకుందాం. నాలుగిళ్ల ఎనర్జీ ఛార్జీలు మాత్రమే తెలుసు: 150 యూనిట్లకు రూ. 567, 200కు రూ. 867, 260కి రూ. 1323.25, 340కి రూ. 2023.25.

మొదటి రెండు చుక్కల్ని కలిపితే వాలు 300 ÷ 50 = 6. చివరి రెండింటిని కలిపితే 700 ÷ 80 = 8.75. ఎడమ గీత 6x − 333, కుడి గీత 8.75x − 951.75. రెండూ కలిసే చోట 2.75x = 618.75, అంటే x = 225. పట్టిక చూడకుండానే దొరికింది.

అంకెలు తప్పుల్లేకుండా ఉన్నాయి కాబట్టి దొరికింది. అసలు బిల్లులు అలా ఉండవు. గతంలో అంచనాకు మించి అయిన ఖర్చును తర్వాత రాబట్టడానికి ట్రూ-అప్ పేరుతో వేసే మొత్తాలు ఈ నెల యూనిట్ల మీద కాకుండా గడిచిన కాలంలో కాల్చిన యూనిట్ల మీద పడిన సందర్భాలున్నాయి. అందుకని ఈ నెల ఒకే సంఖ్యలో యూనిట్లు కాల్చిన రెండిళ్ల బిల్లులు వేరుగా ఉండొచ్చు. 260 యూనిట్ల ఇంటికి అలా ఒక ఇరవై రూపాయలు ఎక్కువ పడిందనుకుందాం. కుడి వాలు 680 ÷ 80 = 8.50 అవుతుంది. గీతలు కలిసే చోటు 213.5కి జరిగిపోతుంది. రూపాయల్లో ఇరవై తేడా వస్తే, యూనిట్లలో పదకొండున్నర తేడా వచ్చింది.

దీని వెనుక సూత్రం చిన్నది. ఒక గీత ఎత్తులో వచ్చిన పొరపాటును వాలుల తేడాతో భాగిస్తే, విరుపు చోటులో వచ్చే పొరపాటు సుమారుగా తెలుస్తుంది. వాలుల తేడా ఎంత ఎక్కువైతే విరుపు అంత స్థిరంగా దొరుకుతుంది. మన స్లాబుల్లో వాలు మార్పులు వరుసగా 30 దగ్గర రూ. 1.10, 75 దగ్గర 1.50, 125 దగ్గర 1.50, 225 దగ్గర 2.75, 400 దగ్గర 1.00. డేటాలోంచి కనిపెట్టడానికి అన్నింటికంటే తేలికైనది 225. అన్నింటికంటే కష్టమైనది 400. గీత ఎత్తులో అదే ఇరవై రూపాయల పొరపాటు ఉంటే 225 దగ్గర ఏడు యూనిట్ల అటూ ఇటూ అయితే, 400 దగ్గర ఇరవై యూనిట్ల అటూ ఇటూ అవుతుంది. 400 దాటి కాల్చే ఇళ్లు సహజంగానే తక్కువ కాబట్టి కుడివైపు చుక్కలు కూడా పలచబడతాయి, కష్టం ఇంకా పెరుగుతుంది.

ఏ పట్టికలోనూ లేని విరుపు: ఏసీ ఎప్పుడు మొదలవుతుంది

టారిఫ్‌లో విరుపు ఎక్కడుందో ఉత్తర్వులో రాసి ఉంటుంది. అందుకే అది పద్ధతిని సరిచూసుకోవడానికి మంచి ఉదాహరణ. పద్ధతి అసలు అవసరం పడేది విరుపు ఎక్కడా రాసి లేనప్పుడు. ఒక ఇంట్లో రోజుకు కాలే యూనిట్లను ఆ రోజు సగటు ఉష్ణోగ్రతతో పోల్చి చూడండి. డిసెంబరు, జనవరుల్లో ఫ్రిజ్, లైట్లు, నీళ్ల మోటారు, టీవీ మాత్రమే. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా మీటరు పెద్దగా కదలదు. ఒక హద్దు దాటాక ఏసీ వేస్తారు. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకీ యూనిట్లు పెరుగుతూ పోతాయి. ఆ హద్దు ఇంటింటికీ మారుతుంది. పై అంతస్తు డాబా కింద ఉన్న ఫ్లాట్‌కు ఒకలా, కింద అంతస్తుకు ఒకలా. దాన్ని డేటాలోంచి లాగాలి.

లెక్క చేతితో చేయగలిగేలా ఎనిమిది రోజుల అంకెలు ఉదాహరణ కోసం తయారుచేశాను. ఇవి ఏ ఇంటివీ కావు.

| సగటు ఉష్ణోగ్రత (డిగ్రీలు) | 22 | 24 | 26 | 28 | 30 | 32 | 34 | 36 |
|---|---|---|---|---|---|---|---|---|
| యూనిట్లు | 5.2 | 4.9 | 5.1 | 5.3 | 6.9 | 9.2 | 10.8 | 13.1 |

ముందు మామూలు సరళరేఖ ఒకటి అమర్చి చూద్దాం. దాని వాలు డిగ్రీకి 0.59 యూనిట్లు. 22 డిగ్రీల దగ్గర అది 3.45 యూనిట్లు అంటుంది, నిజంగా కాలింది 5.2. 28 దగ్గర 7.0 అంటుంది, కాలింది 5.3. 36 దగ్గర 11.7 అంటుంది, కాలింది 13.1. రెండు కొసల్లో అసలు విలువ గీతకు పైన, నడుమ గీతకు కింద. ఇలా తేడాలు ఒక క్రమంలో పేరుకుంటే, ఒకే వాలున్న గీత ఈ డేటాకు సరిపోలేదని అర్థం. విరుపు కోసం వెతకడం మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

ఎడమవైపు వాలు సున్నా అనుకుందాం, ఏసీ లేని రోజుల్లో వాడకం ఉష్ణోగ్రతతో మారదు కాబట్టి. అప్పుడు సూత్రం y = a + c·max(0, x − k). ఇందులో ఇబ్బంది పెట్టేది k ఒక్కటే. k తెలిస్తే max(0, x − k) ఒక మామూలు నిలువు వరుస అయిపోతుంది, మిగతాది ఎవరైనా చేసే సాధారణ రిగ్రెషనే. అందుకని చేసే పని: k కి ఒక విలువ ఊహించు, గీత అమర్చు, ప్రతి చుక్కకూ గీతకూ ఉన్న తేడాను వర్గం చేసి అన్నీ కూడు, ఆ మొత్తం రాసిపెట్టుకో. తర్వాతి k కి వెళ్లు. మొత్తం ఎక్కడ అన్నింటికంటే చిన్నదో అదే మన అంచనా. దీన్ని గ్రిడ్ సెర్చ్ అంటారు.

| k | ఏసీ వాలు (డిగ్రీకి యూనిట్లు) | తేడాల వర్గాల మొత్తం |
|---|---|---|
| 26 | 0.78 | 2.60 |
| 27 | 0.88 | 0.86 |
| 28 | 0.99 | 0.20 |
| 29 | 1.14 | 0.72 |
| 30 | 1.30 | 3.77 |

సరళరేఖకు ఈ మొత్తం 10.13. 28 దగ్గర 0.20కి పడిపోయింది. ఇంకా సన్నటి అడుగులతో వెతికితే కనిష్ఠం 28.2 డిగ్రీల దగ్గర, 0.186గా తేలుతుంది. అంటే ఈ ఇంట్లో ఏసీ లేని వాడకం రోజుకు 5.1 యూనిట్లు, 28.2 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ రోజుకు ఒక యూనిట్ చొప్పున అదనం.

పట్టికలో ఇంకో విషయం గమనించండి. k ని తప్పుగా ఎడమకు జరిపితే వాలు తగ్గింది, కుడికి జరిపితే పెరిగింది. విరుపు చోటులో చేసిన పొరపాటు వాలు మీద కూడా పడుతుంది. "ఏసీకి డిగ్రీకి ఎంత కాలుతుంది" అన్న ప్రశ్నకు జవాబు, "ఏసీ ఎక్కడ మొదలైంది" అన్నదాంతో ముడిపడి ఉంది. ఒకదాన్ని నోటికొచ్చినట్టు అనుకుని రెండోదాన్ని కచ్చితంగా చెప్పలేం.

గణాంక లెక్కలకు వాడే ఆర్ భాషలో ఈ పనంతా ఐదు వరుసలు:

```r
x <- seq(22, 36, by = 2)
y <- c(5.2, 4.9, 5.1, 5.3, 6.9, 9.2, 10.8, 13.1)
k <- seq(25, 32, by = 0.1)
sse <- sapply(k, function(k0) deviance(lm(y ~ pmax(0, x - k0))))
k[which.min(sse)]   # 28.2
```

గ్రిడ్ లేకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి. గణాంక శాస్త్రవేత్త వీటో ముజ్జియో 2003లో ప్రచురించిన పద్ధతిలో k కి ఒక తొలి ఊహ ఇచ్చి, ఆ చోట గీతను కొంచెం తెగనిస్తారు. ఎంత తెగిందో చూసి, దాన్ని వాలు మార్పుతో భాగిస్తే k ఎటు, ఎంత జరగాలో తెలుస్తుంది. జరిపి మళ్లీ చేస్తారు, తెగుడు మాయమయ్యేదాకా. ఆర్‌లో `segmented` అనే ప్యాకేజీ ఇదే చేస్తుంది. వేగంగా పనిచేస్తుంది కానీ తొలి ఊహ చెడ్డదైతే తప్పు చోట ఇరుక్కోవచ్చు. విరుపు ఒకటే అయితే గ్రిడ్ సెర్చ్‌తోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. తేడాల మొత్తం ఎక్కడ ఎలా మారుతోందో కళ్లారా కనబడుతుంది. ఆ బొమ్మే తర్వాతి ప్రశ్నకు జవాబు చెబుతుంది.

28.2ను ఎంతవరకు నమ్మాలి

అడ్డంగా k, నిలువుగా తేడాల మొత్తం పెట్టి గీస్తే ఒక లోయ కనబడుతుంది. లోయ ఇరుకుగా, నిటారుగా ఉంటే విరుపు బాగా తెలిసినట్టు. అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటే ఆ చదునులో ఉన్న ఏ k అయినా దాదాపు సమానంగా ఒప్పుతుందన్నమాట. అప్పుడు ఒక్క సంఖ్య చెప్పి ఊరుకోకూడదు.

వెడల్పును అంకెల్లో చెప్పడానికి ఒక సుమారు పద్ధతి ఉంది. ఎనిమిది చుక్కలు, అంచనా వేసినవి a, c, k మూడు, మిగిలింది 5. గణాంక పరీక్షలకు వాడే F పట్టికలో, k ఒక్కటి కాబట్టి 1, మిగిలినవి ఐదు కాబట్టి 5, ఈ రెండు అంకెలకు 95 శాతం విలువ 6.61. కనిష్ఠాన్ని (1 + 6.61 ÷ 5) తో గుణిస్తే 0.186 కాస్తా 0.43 అవుతుంది. తేడాల మొత్తం 0.43 దాటని k లన్నీ ఆమోదయోగ్యం. మన డేటాలో ఆ పరిధి దాదాపు 27.4 నుంచి 28.7 వరకు వస్తుంది. 28.2 దానికి సరిగ్గా నడుమ లేదు, ఎడమ అంచుకు 0.8 దూరం, కుడి అంచుకు 0.5. విరుపు చోట్ల విషయంలో ఇలా ఒరిగి ఉండటం మామూలే. "28.2 ప్లస్ ఆర్ మైనస్ ఇంత" అని సమానంగా రాసే అలవాటు ఇక్కడ సరిపోదు.

ఈ పరిధి కూడా అసలుకంటే కొంచెం ఇరుకుగా చూపించే లెక్కే. ఒక రోజు తేడా మరో రోజు తేడాతో సంబంధం లేనిదని అది అనుకుంటుంది. నిజానికి చుట్టాలు వచ్చిన వారమంతా మీటరు పైనే ఉంటుంది, ఊరెళ్లిన వారమంతా కిందే ఉంటుంది. పైగా సగటు 30 డిగ్రీలే ఉన్నా, ఏప్రిల్ ఎండకూ ఆగస్టు ఉక్కకూ ఏసీ ఒకేలా నడవదు. వరుస రోజుల డేటాతో చేసేటప్పుడు అసలు అనిశ్చితి లెక్కలో వచ్చిన దానికంటే పెద్దదే అనుకోవాలి.

అన్నింటికంటే ముఖ్యం, విరుపు దగ్గర చుక్కలు ఉండాలి. జనవరి రోజులూ రోహిణి కార్తె రోజులూ మాత్రమే తీసుకుని ఫిబ్రవరి, మార్చి వదిలేస్తే 26కీ 32కీ మధ్య ఖాళీ మిగులుతుంది. లెక్క అప్పుడు కూడా ఒక k ఇస్తుంది. మన డేటాలో 28, 30 డిగ్రీల రోజుల్ని తీసేసి చేస్తే 27.9 వస్తుంది. సంఖ్య చూడ్డానికి బాగానే ఉంది. కానీ అది రెండు వైపుల గీతల్ని ఖాళీలోకి పొడిగిస్తే కలిసిన చోటు మాత్రమే. ఆ ఖాళీలో నిజంగా విరుపుందో, మెల్లగా వంపు తిరిగిందో డేటా ఏమీ చెప్పలేదు.

నెలవారీ బిల్లులతో చేస్తే విరుపు జరిగిపోతుంది

రోజువారీ మీటరు రీడింగులు ఎవరి దగ్గరుంటాయి, బిల్లులే కదా ఉండేవి అనిపిస్తుంది. నెల యూనిట్లను నెల సగటు ఉష్ణోగ్రతతో పోల్చేవాళ్లు ఎక్కువే. అక్కడొక చిక్కుంది.

ఇంటి అసలు విరుపు 28 డిగ్రీలు, డిగ్రీకి ఒక యూనిట్ అనుకుందాం. ఒక బిల్లు కాలంలో సగం రోజులు 25 డిగ్రీలు, సగం రోజులు 33. నెల సగటు 29. ప్రతి రోజూ 29 ఉంటే అదనంగా కాలేది రోజుకు ఒక యూనిట్. కానీ జరిగింది వేరు. 25 డిగ్రీల రోజుల్లో అదనం సున్నా, 33 డిగ్రీల రోజుల్లో ఐదు, సగటున రెండున్నర. ఇంకో నెల సగం రోజులు 24, సగం రోజులు 30 అయితే సగటు 27. విరుపుకు కిందే ఉన్నా రోజుకు ఒక యూనిట్ అదనంగా కాలింది. ఇలా సగటు తీసేసరికి పదునైన మూల గుండ్రబడుతుంది, వాడకం అసలు హద్దుకు ముందే పెరగడం మొదలైనట్టు కనబడుతుంది. ఆ చుక్కలకు విరుపు గీత అమర్చితే k అసలుకంటే తక్కువగా వస్తుంది.

దీనికి విరుగుడు, నెల ఉష్ణోగ్రత సగటు తీయకపోవడం. రోజువారీ ఉష్ణోగ్రత వాతావరణ రికార్డుల్లో ఉంటుంది. ఊహించిన ప్రతి k కీ, బిల్లు కాలంలోని ఒక్కో రోజుకు max(0, ఉష్ణోగ్రత − k) లెక్కించి, అన్నీ కూడాలి. దాన్ని ఇంధన రంగంలో కూలింగ్ డిగ్రీ-డేస్ అంటారు. నెల యూనిట్లను ఆ మొత్తంతోనూ, బిల్లులో ఎన్ని రోజులున్నాయన్న అంకెతోనూ పోల్చాలి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన, ప్రిజం అని పిలిచే పద్ధతి ఇళ్ల తాపన ఖర్చుల మీద ఇదే చేసింది. మార్గరెట్ ఫెల్స్ దాన్ని 1986లో వివరించారు. అందరికీ ఒకే హద్దు పెట్టకుండా ఒక్కో ఇంటి హద్దును ఆ ఇంటి బిల్లుల నుంచే అంచనా వేయడం దాని ప్రత్యేకత.

అసలు విరుపు ఉందా అన్న ప్రశ్న ఎందుకు కష్టం

గ్రిడ్ సెర్చ్ ఎప్పుడూ ఏదో ఒక k ని ఇస్తుంది. విరుపే లేని డేటా ఇచ్చినా ఇస్తుంది. అందుకని "k దొరికింది కాబట్టి విరుపు ఉంది" అనలేం. c సున్నా కాదని చూపించాలి. మామూలుగా అయితే రిగ్రెషన్ ఫలితంలో c పక్కన ఉన్న పి-విలువ చూస్తాం, అంటే విరుపు లేకపోయినా యాదృచ్ఛికంగానే ఇంత ప్రభావం కనబడే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య. ఇక్కడ అది చెల్లదు.

కారణం ఇది. b కూడా ఉన్న మొదటి సూత్రంలో విరుపు లేకపోతే c సున్నా. c సున్నా అయితే k ఎక్కడున్నా గీత మారదు, కాబట్టి k కి అర్థమే లేదు. మామూలు పరీక్ష k ముందే తెలుసనుకుని లెక్కగడుతుంది. మనమేమో డెబ్బై చోట్ల వెతికి, c ప్రభావం అన్నింటికంటే గట్టిగా కనబడిన చోటును ఏరుకున్నాం. అలా ఏరితే యాదృచ్ఛిక ఒడుదొడుకుల్లోంచి కూడా ఒక విరుపు బయటపడుతుంది. ఈ చిక్కుకు గణాంక శాస్త్రవేత్త డేవీస్ 1977లో, మళ్లీ 1987లో పరిష్కారం చూపించాడు. ఆయన పేరుతోనే ఆ పరీక్షను పిలుస్తారు.

కంప్యూటర్ చేతిలో ఉంటే సులువైన దారి ఇంకొకటుంది. డేటాకు ఒకే సరళరేఖ అమర్చండి. ఆ రేఖ మీద అంతే స్థాయి ఒడుదొడుకులు కలిపి, విరుపు లేని కృత్రిమ డేటాను వెయ్యిసార్లు తయారుచేయండి. ప్రతిదాని మీదా అదే గ్రిడ్ సెర్చ్ నడిపి, తేడాల మొత్తం ఎంత శాతం తగ్గిందో చూడండి. మన అసలు డేటాలో వచ్చినంత లేదా అంతకు మించిన తగ్గుదల ఆ వెయ్యిలో ఎన్నో వంతుసార్లు వచ్చిందో అదే నమ్మదగిన పి-విలువ. వెతకడంలో ఉన్న అదనపు స్వేచ్ఛ కూడా ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. వెతికేటప్పుడు రెండు కొసల్లోని కొన్ని చుక్కల దగ్గర k ని పెట్టకూడదు. లేకపోతే చివరి ఒక్క చుక్క కోసం ఒక విరుపు పుట్టుకొస్తుంది.

ఎగురుడు ఉందేమోనన్న అనుమానం ఉంటే, దొరికిన k దగ్గర, దాటితే 1, దాటకపోతే 0 అనే ఇంకో వరుస చేర్చి మళ్లీ అమర్చాలి. దాని గుణకం తన పొరపాటు పరిధితో పోలిస్తే పెద్దదైతే, గీత తెగింది. పాత గ్రూపు పద్ధతి కాలంనాటి బిల్లుల్ని తెగని గీతగా అమర్చితే, సూత్రం ఆ ఎగురుడును వాలుగా మార్చి చూపించే ప్రయత్నం చేస్తుంది, k ని కూడా పక్కకు లాగుతుంది.

విరుపు గీతా, వంపు గీతా

ఈ పద్ధతిని ఎంతవరకు వాడాలన్న దానిపై పనిచేసేవాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. ఒక పక్షం వాదన: ప్రకృతిలో, మనుషుల అలవాట్లలో పదునైన మూలలు అరుదు. ఏసీ ఒక రోజు 27కే వేస్తారు, ఒక రోజు 29 దాకా ఓపిక పడతారు. మెల్లగా తిరిగే వంపు గీతను అమర్చితే డేటా ఆకారం ఉన్నదున్నట్టు వస్తుంది, లేని మూలను అంటగట్టినట్టు ఉండదు. రెండో పక్షం వాదన: వంపు గీత బాగా అమరుతుంది కానీ ఒక్క సంఖ్యగా చెప్పడానికి ఏమీ మిగలదు. విరుపు గీత "ఈ ఇంటికి 28 డిగ్రీలు, డిగ్రీకి ఒక యూనిట్" అని చెబుతుంది. డాబా మీద చలవ పెయింటు వేశాక ఆ 28 కాస్తా 29 అయిందా అని పోల్చి చూడొచ్చు. వంపు గీతతో అలాంటి పోలిక కష్టం.

రెండింటిలో ఏది సరి అన్నది ఎవరి డేటా అన్నదాన్ని బట్టి మారుతుందని నాకనిపిస్తుంది. టారిఫ్‌లో మూల నిజంగానే ఉంది, ఉత్తర్వులో రాసిపెట్టారు. అక్కడ వంపు గీత వాడితే లేని మెత్తదనాన్ని చూపించినట్టు. ఒక ఇంటి ఏసీ వాడకంలో మూల కొంచెం గుండ్రంగా ఉన్నా, విరుపు గీత దానికి దగ్గరగానే వస్తుంది. విజయవాడలోని పటమట సబ్‌స్టేషన్ లాంటి చోట మొత్తం లోడు తీసుకుంటే మాత్రం పరిస్థితి వేరు. వేల ఇళ్లు, ఒక్కోదానికి ఒక్కో హద్దు. 25 దగ్గర కొన్ని, 27 దగ్గర ఇంకొన్ని, 30 దగ్గర మరికొన్ని ఏసీలు మొదలవుతాయి. ఒక్కో ఇంటి గీతలో మూల ఉన్నా, వేల మూలలు వేర్వేరు చోట్ల ఉండటం వల్ల కూడినప్పుడు వంపే మిగులుతుంది. ఆ వంపుకు ఒకే విరుపు అమర్చితే వచ్చే k ఏ ఇంటి హద్దూ కాదు. తీసుకున్న ఉష్ణోగ్రతల పరిధిని మార్చితే అది కూడా మారిపోతుంది. ఏప్రిల్, మే రోజులతో ఒక k, సంవత్సరమంతటి రోజులతో ఇంకో k వస్తుంటే, అక్కడ ఉన్నది మూల కాదు వంపేనని అనుమానించాలి.